ఆపరేషన్ తరువాతి నొప్పి–మత్తు పట్టిక గురించి వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారములు.

నేను శ్రీకాకుళం జిల్లాలో సర్జికల్ వార్డుల్లో పనిచేసి రిటైరైన హెడ్ నర్సును. ఆపరేషన్ అయిన రోగి మంచం దగ్గర నొప్పిని, మత్తును పక్కపక్కనే రాసే ఒక పట్టిక, ఏ గీత దాటితే డాక్టరును పిలవాలో దాని మీదే అచ్చయి ఉండేలా, ప్రతి ప్రభుత్వ ఆసుపత్రికీ ఇప్పించమని కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ఒక రాత్రి సంగతి చెబుతాను. ఉద్దానం ప్రాంతం నుంచి వచ్చిన కొబ్బరి కూలీకి తుంటి ఎముక విరిగి ఆపరేషన్ జరిగింది. ఆయనకు అప్పటికే కిడ్నీ జబ్బు ఉంది, క్రియాటినిన్ 3.2. కిడ్నీలకు చేటు కాబట్టి డైక్లోఫినాక్ అనే నొప్పి మందు ఇవ్వకూడదు. అందుకని రాత్రి 10 గంటలకు ఒకసారి, 12కు మరోసారి మార్ఫిన్ ఇచ్చారు. రెండు గంటలకు నేను వెళ్లేసరికి ఆయన గురక పెడుతున్నారు. ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని, "ఇప్పుడే కాస్త కునుకు పట్టినాదమ్మా, లేపకండి" అంది. ముక్కుకు ఆక్సిజన్ పెట్టి ఉంది, వేలి మీది యంత్రం 98 చూపిస్తోంది. నేను కేస్ షీటులో "నిద్రలో ఉన్నారు" అని రాసి వెళ్లిపోయాను.

ఆ రెండు మాటలే పొరపాటు. మూడు గంటలకు ఛాతీ మీద చెయ్యి పెట్టి నిమిషం పూర్తిగా లెక్కపెడితే 7 శ్వాసలే వచ్చాయి. భుజం కదిపి పేరు అడిగితే కళ్లు తెరిచి, సగం పేరు చెప్పి మళ్లీ మత్తులోకి జారిపోయారు. బయటి నుంచి ఆక్సిజన్ అందుతున్నంతసేపూ ఊపిరి మందగించినా వేలి మీద అంకె చాలాసేపు బాగానే కనబడుతుంది. దాన్ని చూసి నేను ధైర్యపడకుండా ఉండవలసింది. మార్ఫిన్ శరీరంలో మారినప్పుడు పుట్టే ఒక పదార్థానికీ మత్తు గుణం ఉంది. అది మూత్రం ద్వారా పోవాలి కాబట్టి కిడ్నీలు దెబ్బతిన్నవారిలో పేరుకుపోతుంది. అందుకే పన్నెండు గంటలకు ఇచ్చిన మోతాదు ఆయనకు మూడు గంటలకు కూడా ఎక్కుతూనే ఉంది.

డ్యూటీ డాక్టరు గారు వచ్చి మార్ఫిన్‌కు విరుగుడైన నాలోక్సోన్‌ను 0.4 మిల్లీగ్రాములు తీసుకుని సెలైన్‌తో 10 మిల్లీలీటర్లు చేసి, రెండేసి నిమిషాలకు ఒక్కో మిల్లీలీటరు చొప్పున ఇచ్చారు. మూడో మిల్లీలీటరుకు శ్వాస 12కు వచ్చింది. ఒక్కసారిగా అంతా ఇస్తే మత్తుతో పాటు నొప్పి నివారణ కూడా పోయి రోగి విలవిలలాడతాడు. నాలోక్సోన్ ప్రభావం గంట, గంటన్నరకు మించి నిలవదు, మార్ఫిన్ మాత్రం ఇంకా లోపలే ఉంటుంది. నాలుగుంబావుకు ఆయన మళ్లీ జారారు, మళ్లీ ఇవ్వవలసి వచ్చింది. అప్పటికి అందరం పక్కనే ఉన్నాం కాబట్టి ఆయన బతికారు.

ఆ రాత్రి నా చేతిలో నేను అడుగుతున్న పట్టిక ఉండి ఉంటే రెండు గంటలకే పిలిచేదాన్ని. అందులో మత్తుకు నాలుగే మెట్లు ఉంటే చాలు. మెలకువగా ఉంటే 0. మగతగా ఉన్నా, పిలిస్తే లేచి మాట్లాడుతూ మెలకువగా ఉండగలిగితే 1. లేచినా మాట మధ్యలో మళ్లీ జారిపోతే 2. లేపినా లేవకపోతే 3. శ్వాస ఎంత ఉన్నా సరే 2 అంటే డాక్టరును పిలవవలసిందే, తరువాతి మోతాదు ఆపవలసిందే, ఎందుకంటే ఊపిరి మందగించే ముందు సాధారణంగా మత్తే పెరుగుతుంది. శ్వాస నిమిషానికి 10 కంటే తగ్గినా అంతే. నిద్రపోతున్నవారికి "నిద్ర" అని రాసే గడి ఉండకూడదు. మందు ఇచ్చిన తరువాతి గంటల్లో గురక పెడుతున్నవారిని లేపి, పేరు అడిగి, అంకె వేయాలి. ఎందుకు లేపుతున్నామో ఇంటివారికి ముందే చెబితే వారే సాయపడతారు.

నొప్పికి 0 నుంచి 10 వరకు అంకె అడగడం ఇప్పటికే ఉంది, కానీ కదలకుండా పడుకున్నప్పుడు అడిగితే రెండో మూడో అంటారు. దగ్గమని, కాలు కదపమని అడిగి వేసిన అంకెనే నమ్మాలి. ఇంజెక్షన్ ఇచ్చిన అరగంటకు కూడా అది 4 కంటే తగ్గకపోతే పిలవాలి. తగ్గిన నొప్పి ఒక్కసారిగా పెరిగితే మరో మోతాదుకు ముందు డాక్టరు వచ్చి చూడాలి, లోపల రక్తం కారడమో, కాలు బిగిసిపోవడమో కావచ్చు.

చివరిగా, రాత్రి మూడింటికి ఫోన్ చేసిన నర్సును "ఇంత చిన్నదానికా" అని కసురుకునే అలవాటు ఉన్నంతకాలం ఏ పట్టికా పనిచేయదు. పిలవవలసిన అంకె, డ్యూటీ డాక్టరు ఫోన్ నంబరు, పది నిమిషాల్లో రాకపోతే తరువాత ఎవరికి చేయాలన్నదీ కాగితం మీదే అచ్చువేయించండి. పైన ఎర్ర అక్షరాలతో "కిడ్నీ జబ్బు ఉందా" అన్న గడి పెట్టించండి. ప్రతి సర్జికల్ వార్డు ట్రేలోనూ నాలోక్సోన్ ఆంపూల్స్ ఉండేలా ఉత్తర్వులివ్వండి. ఆ రాత్రి మాకు అది ఆపరేషన్ థియేటరు తాళం తీయించి తెచ్చుకోవలసి వచ్చింది.

ఇట్లు,
రిటైర్డ్ హెడ్ నర్సు,
శ్రీకాకుళం