కూలీల తరఫున ఎవరు అడగాలి?

సంపాదకులకు నమస్కారం.

ఇటుక బట్టీలో కూలి ఎగ్గొడితే నష్టపోయినవాళ్లే కోర్టుకెళ్లాలని మా రాయగడ, గుణుపురం వైపు చాలామంది ఇంకా అనుకుంటున్నారు. పాత నియమం అదే. 1981లో ఎస్.పి. గుప్తా కేసులో సుప్రీంకోర్టు దాన్ని సడలించింది: పేదరికం వల్ల బాధితులు కోర్టు గడప ఎక్కలేకపోతే, సదుద్దేశంతో వేరొకరు వారి కోసం అడగవచ్చు. మరుసటి ఏడాది ఢిల్లీ ఏషియాడ్ నిర్మాణ కూలీల గురించి వచ్చిన ఉత్తరాన్నే రిట్ పిటిషన్‌గా తీసుకుని, కనీస వేతనం కన్నా తక్కువిచ్చి చేయించేది బలవంతపు చాకిరీయేనని తేల్చింది. ఎంత పెద్ద మాట!

అయితే ఒక్కరి ఉద్యోగ తగాదాకు, పింఛనుకు, ఇంటి అద్దెకు ఈ దారి పనికిరాదు. అర్జీలో బట్టీ ఉన్న ఊరు, కూలీల సంఖ్య, ఇచ్చిన అడ్వాన్సు, చేతికందిన రోజుకూలి రాయండి. వాళ్లు స్వయంగా ఎందుకు రాలేరో తప్పక చెప్పండి. సడలింపు నిలబడేది ఆ కారణం మీదే.

— ఒక న్యాయవాది, గుణుపురం, రాయగడ జిల్లా, ఒడిశా