రాయి ముందు నీళ్లు పోసే మనిషి

చిట్టితల్లీ,

ఆదివారం ఫోనులో నువ్వు అడిగినదానికి సగం చెప్పేలోపే మీ హాస్టల్ గంట మోగింది. ఇనుము లేదు, బండి లేదు, మరి ఈజిప్టులోని గీజాలో ఖుఫు రాజు పిరమిడ్‌కు అంత రాయి ఎలా చేర్చారు అన్నావు. మిగతా సగం ఇదిగో.

ముందు కోత సంగతి. పిరమిడ్‌లో ఎక్కువ భాగం సున్నపురాయి. అది మన క్వారీలో రాయిలాంటిది కాదు, మెత్తన. రాగి ఉలితో చెక్కవచ్చు. కాకపోతే ఉలి త్వరగా మొద్దుబారుతుంది, మాటిమాటికీ పదును పెట్టుకోవాలి. రాయి చుట్టూ సందులు తవ్వి, చివరికి అడుగు నుంచి విడదీసేవారు.

అసలు చిక్కు గ్రానైట్‌తో. దాన్ని సుమారు 800 కిలోమీటర్ల దూరంలోని అస్వాన్ నుంచి నైలు నది మీద పడవల్లో తెచ్చారు. గ్రానైట్ మీద రాగి ఉలి పనిచేయదు. అందుకని డోలరైట్ అనే ఇంకా గట్టి రాతి గుండ్లు పట్టుకుని కొడుతూ, పొడి పొడిగా రాల్చారు. పిరమిడ్ల తర్వాత వెయ్యేళ్లకు చెక్కడం మొదలుపెట్టి, పగుళ్లు బయటపడి వదిలేసిన సుమారు 42 మీటర్ల స్తంభం అస్వాన్‌లో ఇప్పటికీ పడి ఉంది. దాని చుట్టూ ఉన్న కందకంలో ఆ గుండు దెబ్బల గుంతలు వరుసగా కనిపిస్తాయి. అంత పని చేశాక పగులు కనబడితే ఎలా ఉంటుందో క్వారీలో ఇరవై ఏళ్లు గడిపిన నాకు బాగా తెలుసు.

గ్రానైట్‌ను కోయడానికి రాగి రంపం కూడా వాడారు. రాగి గ్రానైట్‌ను ఎలా కోస్తుందంటావా? కోయదు. రంపం కింద పోసిన ఇసుక కోస్తుంది, రాగి దాన్ని ముందుకూ వెనక్కీ తిప్పుతుంది, అంతే. చీమకుర్తిలో మా డైమండ్ వైరు చేసేదీ అదే పని. తీగ కోయదు, దాని మీద ఉన్న వజ్రపు పొడి కోస్తుంది.

ఇక లాగడం. నాకు బాగా నచ్చే ఘట్టం ఇదే. ఈజిప్టులో జెహుతిహోతెప్ అనే అధికారి సమాధి గోడ మీద, క్రీ.పూ. 1900 ప్రాంతపు బొమ్మ ఒకటి ఉంది. పెద్ద విగ్రహాన్ని చక్రాలు లేని చెక్క స్లెడ్జి మీద పెట్టి 172 మంది తాళ్లతో లాగుతున్నారు. విగ్రహం పాదాల దగ్గర స్లెడ్జి మీద నిలబడిన ఒకతను ముందున్న నేల మీద నీళ్లు పోస్తున్నాడు. చాలాకాలం దాన్ని పూజా విధి అనుకున్నారు. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ శాస్త్రవేత్తలు ఇసుక మీద చిన్న స్లెడ్జిని లాగి చూశారు. పొడి ఇసుకలో స్లెడ్జి ముందు దిబ్బ పేరుకుంటుంది, దాన్ని తోసుకుంటూ పోవాలి. సరిగ్గా తడిపితే రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని నేల గట్టిపడుతుంది, లాగే బలం దాదాపు సగానికి తగ్గుతుంది. నీళ్లు ఎక్కువైతే మళ్లీ బురదే. సముద్రం ఒడ్డున నువ్వు చెప్పులు చేత్తో పట్టుకుని తడి ఇసుక మీదే నడుస్తావు కదా, అదే కిటుకు.

లెక్క వేద్దాం. సగటు రాయి రెండున్నర టన్నులు. తడి ఇసుక మీద లాగడానికి దాని బరువులో సుమారు పదింట మూడు వంతుల బలం కావాలి, అంటే 750 కిలోలు. మనిషికి 35 కిలోల చొప్పున లాగితే 22 మంది చాలు. పొడి ఇసుకలో నలభై మంది కావాలి. ఇదే లెక్క ఆ 172 మందికి కడితే మాత్రం కుదరదు. విగ్రహం 58 టన్నులు ఉంటుందని అంచనా. మనిషికి వంద కిలోలు పడుతుంది! గోడ మీద చోటున్నంత మందినే గీశాడేమోనని నా అనుమానం. చక్రం గురించి బెంగ వద్దు. ఇంత బరువుకు అది ఇసుకలో దిగబడేది.

ఎత్తడానికి వాలు దారులే. హత్నూబ్ క్వారీలో ఖుఫు కాలం నాటి బాగా ఏటవాలైన దారి బయటపడిందని 2018లో ప్రకటించారు. ఇరువైపులా మెట్లు, వాటి పక్కన గుంజలు పాతిన గుంతలు ఉన్నాయి. గుంజకు తాడు చుట్టి లాగితే, కొందరు కిందికి నడుస్తూనే రాయిని పైకి లాగవచ్చు. ఆ క్వారీలో వాడారు కాబట్టి గీజాలోనూ వాడారనుకోవడానికి వీలుంది. కానీ గీజాలో దారి పిరమిడ్ చుట్టూ తిరిగిందా, తిన్నగా వెళ్లిందా అన్నది ఇంకా తేలలేదు.

ఒక విషయం నువ్వే లెక్క కట్టి చూడు. 146 మీటర్ల పిరమిడ్‌లో అడుగు నుంచి మూడో వంతు ఎత్తులోపే, అంటే సుమారు 49 మీటర్లలోపే, మొత్తం రాయిలో 70 శాతం పడుతుంది. మూడింట రెండు వంతుల ఎత్తున్న చిన్న పిరమిడ్ ఘనపరిమాణాన్ని పెద్దదాని లోంచి తీసేస్తే చాలు. పైకి వెళ్లేకొద్దీ ఎక్కించాల్సిన రాయి తగ్గిపోతుంది. వాలు దారికి మాత్రం చోటు ఇరుకవుతుంది. వాదనలన్నీ ఆ పై భాగం గురించే.

లెక్క కుదిరిందో లేదో వచ్చే ఆదివారం చెప్పు. అమ్మ పంపిన సున్నుండలు అందాయా?

నాన్న