ఆరు గంటలని రాసి రెండు గంటలైనా నిలవని మినీ యూపీఎస్‌పై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: రౌటర్ కోసం కొన్న మీ 6,600 ఎంఏహెచ్ మినీ యూపీఎస్‌లో బ్యాటరీ సామర్థ్యం, వోల్టేజీ లోపాలు, సొమ్ము వాపసు కోరడం గురించి.

అయ్యా,

ఎండాకాలం కోతల్లో ఇంటర్నెట్ ఆగకూడదని ఈ యూపీఎస్ కొన్నాను. దానికి తగిలించినవి రెండే. ఒకటి 12 వోల్టుల ఫైబర్ రౌటర్, రెండోది సీసీ కెమెరాల తీగలు కలిసే 5 వోల్టుల చిన్న నెట్‌వర్క్ హబ్. డబ్బా మీద ‘12 వోల్టులు, 2 ఆంపియర్లు, 6 గంటల వరకు బ్యాకప్’ అని పెద్ద అక్షరాలతో ఉంది. పూర్తిగా చార్జి చేసినా కరెంటు పోయాక రెండు గంటలు కూడా గడవకుండానే రౌటర్ ఆగిపోతోంది.

మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, ‘మీ రౌటర్ ఎక్కువ కరెంటు లాగుతోందేమో’ అన్నారు. అందుకే కొలిచి రాస్తున్నాను. రౌటర్ 12 వోల్టుల దగ్గర 0.6 ఆంపియర్ తీసుకుంటోంది, అంటే 7.2 వాట్లు. హబ్ 5 వోల్టుల దగ్గర 0.4 ఆంపియర్, అంటే 2 వాట్లు. వోల్టేజీ తగ్గించడంలో పోయే కొద్దిపాటి నష్టాన్ని కలిపినా మొత్తం 10 వాట్లకు మించదు. మీ 2 ఆంపియర్ల లెక్కలో ఇది సగం కూడా కాదు.

అసలు సంగతి మీరే యూపీఎస్ అడుగున అతికించిన చిన్న స్టిక్కర్‌లో ఉంది. కళ్లజోడు పెట్టుకుని చూస్తే తప్ప కనబడని అక్షరాలతో ‘11.1 వోల్టులు, 2,200 ఎంఏహెచ్, 24.42 వాట్ అవర్’ అని ఉంది. అంటే లోపల 3.7 వోల్టుల లిథియం సెల్‌లు మూడింటిని వరుసగా కలిపారు. అలా కలిపితే వోల్టేజీ మూడింతలవుతుంది గాని ఎంఏహెచ్ పెరగదు. మీరు వోల్టేజీనీ పెంచుకుని, ఎంఏహెచ్‌నూ మూడింతలు చేసి 6,600 అని డబ్బా మీద వేశారు. పక్కనే 12 వోల్టులని చూసిన కొనుగోలుదారు రెంటినీ గుణిస్తే 79 వాట్ అవర్లు వస్తాయి. లోపల ఉన్నది అందులో మూడో వంతు కంటే తక్కువ. 24 వాట్ అవర్లను 10 వాట్లతో భాగిస్తే, ఒక్క చుక్క వృథా కాకపోయినా రెండున్నర గంటలు దాటదు. ఆ ఆరు గంటలు ఏ రౌటర్‌తో వచ్చాయో దయచేసి తెలియజేయండి.

రెండో లోపం ఇంకా చికాకైనది. బ్యాటరీ వోల్టేజీ ఎంత ఉంటే అంతే నేరుగా 12 వోల్టుల పిన్నుకు వస్తోంది. దాన్ని 12 దగ్గర నిలబెట్టే సర్క్యూట్ లేదు. మల్టీమీటర్ పెట్టి చూస్తే కరెంటు పోగానే 12.3 ఉంది, గంటకు 11.2కు దిగింది. 10.3కు చేరగానే రౌటర్ దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. భారం తగ్గడంతో వోల్టేజీ కాస్త లేచింది, రౌటర్ మళ్లీ మొదలైంది, వైఫై పని చేయబోయేసరికి మళ్లీ పడిపోయింది. యూపీఎస్ మీద పచ్చ దీపం మాత్రం వెలుగుతూనే ఉంది. హబ్ కూడా ఆగలేదు, ఎందుకంటే 5 వోల్టుల పోర్టుకు అంత కిందికి దిగిన బ్యాటరీ కూడా చాలు. ఇది తెలియక మొదట ఇంటర్నెట్ వాళ్లను పిలిపించాను. ఫైబర్‌లో సిగ్నల్ బాగానే ఉందని చూపించి వెళ్లారు పాపం.

నా అవసరానికి ఆరు గంటలు కావాలంటే 60 వాట్ అవర్లు రౌటర్‌కు, హబ్‌కు చేరాలి. 12 వోల్టులను స్థిరంగా నిలిపే సర్క్యూట్‌లో పదిహేను శాతం పోతుందనుకుంటే బ్యాటరీ సుమారు 71 వాట్ అవర్లు ఉండాలి. మీరు వాడే సెల్ ఒక్కొక్కటి సుమారు 8 వాట్ అవర్లు కాబట్టి తొమ్మిది పట్టాలి. ఏళ్లు గడిచేకొద్దీ సెల్‌లు నీరసపడటం ఈ లెక్కలో చేర్చనే లేదు. అరచేతిలో ఇమిడే మీ పెట్టెలో అన్ని ఎక్కడ పడతాయి?

కాబట్టి వస్తువును వెనక్కి తీసుకుని పూర్తి సొమ్ము చెల్లించాలని కోరుతున్నాను. బదులుగా అదే మోడల్ మరొకటి పంపుతామంటే ఒప్పుకోను, ఇది ఒక్క పీసులో లోపం కాదు. డబ్బా మీద వాట్ అవర్లను ఎంఏహెచ్ అంత పెద్దగా ముద్రించండి. బ్యాటరీ మీద నడిచేటప్పుడు 12 వోల్టుల పిన్ను ఎంత వరకు దిగుతుందో కూడా రాయండి.

పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనగా జిల్లా కమిషన్ ముందు పెడతాను.

జతపరిచినవి: బిల్లు నకలు, డబ్బా ఫొటో, అడుగు స్టిక్కర్ ఫొటో, మల్టీమీటర్ రీడింగుల వీడియో.

ఇట్లు,
మీ వినియోగదారు