ఒకే వయసు, రెండు రకాల ప్రీమియం

చి. కిరణ్‌కు,

నాన్న ఆశీస్సులు. మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి సగమే జవాబు చెప్పాను. ఈలోగా నీకు మీటింగ్ టైమైందని పెట్టేశావు. బీమా ఆఫీసులో కొత్త పాలసీల సెక్షన్‌లో పనిచేసినవాణ్ణి, మిగతా సగం చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

"నువ్వు ఆసుపత్రి మెట్లెక్కలేదు, రూపాయి క్లెయిమ్ చెయ్యలేదు. మరి 61 రాగానే నీ హెల్త్ పాలసీ ప్రీమియం ఎందుకు పెంచారు నాన్నా? నాకు చెప్తున్న టర్మ్ పాలసీ మాత్రం ముప్పై ఏళ్లూ ఒకటే రేటట. ఆ పాలసీ తీసుకున్నవాళ్లకు మాత్రం వయసు పెరగదా?" అన్నావు.

పెరుగుతుంది. టర్మ్ పాలసీ అంటే గడువులోగా మనిషి పోతేనే ఇంటికి డబ్బిచ్చే పాలసీ. అందులోనూ ఏటేటా రిస్కు పెరుగుతూనే ఉంటుంది. ఆ పెరుగుదల నీకు కనబడకుండా వసూలు చేస్తారు, అంతే. అదెలాగో చెప్పడానికే నిన్ను ఆ ప్రశ్న అడిగాను, గుర్తుందా? "వెయ్యి మంది ఉన్నారు, అందరికీ 30 ఏళ్లు, తలా కోటి రూపాయల పాలసీ. ఏడాదిలో ఎంతమంది పోతారు?" అంటే, నువ్వు కాస్త ఆలోచించి "ఐదారుగురు ఉంటారేమో" అన్నావు.

ఒక్కరు. మన దేశంలో 2012-14 మధ్య పాలసీదారుల మరణాల మీద కట్టిన పట్టిక ఒకటుంది, బీమా రేట్ల లెక్కలు కట్టే ఆక్చువరీలు లెక్కకు ముందు పెట్టుకునేది అదే. అందులో 30 ఏళ్ల వయసుకు వెయ్యికి సుమారు ఒకరు. అంటే ఆ ఏడాది కంపెనీ ఒక ఇంటికి కోటి ఇవ్వాలి. ఆ కోటిని వెయ్యి మంది పంచుకుంటే తలా పదివేలు. ఖర్చులు, లాభం పక్కన పెడితే ఆ ఏడాదికి నీ రిస్కు ఖరీదు అదే.

"అయితే 40కి పదమూడో పద్నాలుగో వేలు అవుతుందా?" అని నువ్వు అడిగావు. అక్కడే చాలామంది పొరబడతారు. 40లో వెయ్యికి 1.7, అంటే పదిహేడు వేలు. 50లో 4.4, నలభై నాలుగు వేలు. 60లో 11 పైన, అంటే లక్షా పదివేల పైన. చూశావా, 30 నుంచి 40కి ఏడువేలే పెరిగింది, 50 నుంచి 60కి అరవై వేలకు పైగా పెరిగింది. మరణ ముప్పు వయసుతో కూడికలా కాదు, వడ్డీకి వడ్డీ పడ్డట్టు పెరుగుతుంది. 1825లోనే లండన్‌లో బెంజమిన్ గాంపెర్జ్ అనే ఆయన ఈ సంగతి పట్టుకున్నాడు. నడివయసులో అది సుమారు ఏడెనిమిదేళ్లకోసారి రెట్టింపవుతుంది. శరీరం తనను తాను బాగుచేసుకునే శక్తి తగ్గుతుంది, గుండె, కిడ్నీలు, రక్తనాళాలు ఒకదాని మీద ఒకటి భారం వేసుకుంటాయి. ఒకటి దెబ్బతింటే మిగతావీ దానివెంటే.

ఇప్పుడు ఏ ఏటికాఏడు ఖరీదు వసూలు చేశారనుకో. 30లో పదివేలు కట్టినవాడు 58లో దాదాపు లక్ష కట్టాలి. కట్టగలిగినా, ఆరోగ్యంగా ఉన్నవాడు "నాకెందుకులే" అని మానేస్తాడు. ఒంట్లో బాగాలేనివాడే మిగులుతాడు. అలా మిగిలిన గుంపులో మరణాలు ఇంకా ఎక్కువ, కాబట్టి రేటు ఇంకా పెంచాలి, ఇంకొంతమంది పోతారు. మొదట్లో కొన్ని బీమా సంఘాలు ఇలాగే దెబ్బతిన్నాయి.

అందుకే ముప్పై ఏళ్ల ఖరీదునూ కలిపి, వడ్డీ లెక్కేసి, సమానంగా పంచుతారు. ఆ పట్టికతో, 6 శాతం వడ్డీతో నేను కాగితం మీద వేసి చూశాను. 30లో మొదలుపెట్టి 60 దాకా కోటికి ఏటా దాదాపు పాతిక వేలు వచ్చింది. కంపెనీ నీకు చెప్పే రేటు ఇంతకన్నా తక్కువే ఉంటుంది. మెడికల్ పరీక్షలు నెగ్గినవాళ్లు, సిగరెట్ తాగనివాళ్లు ఈ సగటు కన్నా తక్కువగా పోతారు మరి. కానీ లెక్క తీరు అదే. మొదటి ఏడాది నీ రిస్కు పదివేలు, నువ్వు కట్టేది పాతిక. మిగిలిన పదిహేను వేలు కంపెనీ ముందు ముందుకు దాచిపెట్టే రిజర్వులోకి వెళ్తాయి. 45 దగ్గర రెండూ సమానమవుతాయి. ఆ తర్వాత నీ రిస్కు యాభై వేలైనా, ఎనభై వేలైనా నువ్వు పాతికే కడతావు. తక్కువపడ్డది ఆ రిజర్వులోంచి తీస్తారు.

"పదేళ్లాగి తీసుకుంటే ఏమవుతుంది?" అని అడగబోయే లోపే పెట్టేశావు. అదే లెక్కలో 40లో మొదలుపెట్టి 60 దాకా అయితే ఏటా దాదాపు నలభై వేలు. చవక ఏళ్లు పోయాయి, ఖరీదైన ఏళ్లు మాత్రమే మిగిలాయి. ముందుగా పక్కన పెట్టడానికి టైమూ లేదు.

ఇక నా హెల్త్ పాలసీ. అది ఏడాది ఒప్పందం. పోయిన ఏడాది నేను కట్టిన డబ్బు ఆ ఏడాది జబ్బుపడ్డ మిగతా పాలసీదారుల ఆసుపత్రి బిల్లులకే పోయింది, నా పేరు మీద దాచిందేమీ లేదు. క్లెయిమ్ చెయ్యనందుకు బోనస్ అంటే చాలా పాలసీల్లో కవరు, అంటే కంపెనీ బిల్లులకు ఇచ్చే గరిష్ఠ మొత్తం, పెరగడమే, ప్రీమియం తగ్గడం కాదు. చాలా కంపెనీలు వయసును మెట్లుగా కడతాయి. 56 నుంచి 60 ఒక మెట్టు, 61 నుంచి 65 ఇంకొకటి. నేను మెట్టెక్కాను. నా ఒక్కడి ఆరోగ్యం కాదు, ఆ మెట్టు మీదున్న అందరి బిల్లులూ చూసి రేటు కడతారు. ఆపైన ఆసుపత్రుల రేట్లు పెరగడం వేరే, అది ఎవరికైనా తగులుతుంది.

"ఎంతైనా పెంచుకోవచ్చా మరి?" అన్నావు. 60 దాటినవాళ్లకు ఏడాదిలో 10 శాతం మించి పెంచాలంటే ముందుగా బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐతో మాట్లాడాలని 2025 జనవరిలో ఉత్తర్వు వచ్చింది. ఆ సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద 18 శాతం జీఎస్టీ కూడా తీసేశారు. కాబట్టి రెన్యువల్ నోటీసులో మొత్తం ఒక్కటే చూడకు, అసలు ప్రీమియం ఎంత పెరిగిందో పోయినేడు రసీదుతో పోల్చి చూడు.

ఇంటిల్లిపాదికీ ఒకే కవరు ఉండే నీ ఫ్యామిలీ ఫ్లోటర్‌ పాలసీలో మమ్మల్ని కలుపుతానన్నావు. నీ మనసు నాకు తెలుసు బాబూ, కానీ వద్దు. ఫ్లోటర్‌కు మామూలుగా ఇంట్లో పెద్దవాళ్ల వయసు పట్టి రేటు వేస్తారు. మీ ఇద్దరికీ, పాపకీ కూడా నా వయసు రేటే పడుతుంది. అమ్మా నేనూ క్లెయిమ్ చేస్తే మీకు మిగిలే కవరూ తగ్గుతుంది. మా పాలసీ విడిగా ఉండనీ. పాతది వదలొద్దు కూడా. పాత జబ్బులకు కవరు మొదలయ్యేదాకా ఆగాల్సిన వెయిటింగ్ నా షుగర్‌కు ఎప్పుడో గడిచిపోయింది.

నీ టర్మ్ పాలసీ సంగతి మాత్రం ఈ నెలలోనే తేల్చు. కొన్ని కంపెనీలు దగ్గరలో ఉన్న పుట్టినరోజును వయసుగా తీసుకుంటాయి, అంటే పుట్టినరోజుకు ఆర్నెల్ల ముందే నీకు 31 వచ్చేస్తుంది. వాళ్లది ఏ పద్ధతో అడుగు. వయసు రుజువుకు నీ టెన్త్ మెమో మీదున్న తేదీయే ప్రపోజల్ ఫారంలో రాయి, ఆధార్‌లో కూడా అదే ఉందో లేదో చూసుకో. కుటుంబ చరిత్ర అని అడిగినచోట నా షుగర్ సంగతి, తాతయ్యకు గుండెపోటు వచ్చిన సంగతి ఉన్నదున్నట్టు రాయి. దానివల్ల రేటు కొంచెం పెరిగినా పర్వాలేదు. దాచిపెట్టింది రేపు బయటపడితే క్లెయిమ్ దగ్గర కోడలు ఇబ్బంది పడుతుంది. ఫారం నింపాక సంతకం పెట్టే ముందు నాకు వాట్సాప్‌లో పంపు, ఒకసారి చూస్తాను.

అమ్మ ఆశీస్సులు అందజెయ్యమంది. పాపకు ముద్దులు.

మీ నాన్న