ఆర్థిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: డిసెంబర్ 1 దాటకముందే మా అప్పుల గడువు పెంచండి

విజయవాడ, సింగ్‌నగర్
25 నవంబర్ 2024

గౌరవనీయులైన రాష్ట్ర ఆర్థిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. సింగ్‌నగర్‌లో మాకు చిన్న మ్యాచింగ్ సెంటర్ ఉంది. లైనింగులు, జాకెట్ ముక్కలు, ఫాల్స్, లేసులు, కుచ్చులు అమ్ముకుంటాం. సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి మా ఇళ్లు, షాపులు ముంచిన సంగతి మీకు చెప్పనక్కర్లేదు, మీ ప్రభుత్వమంతా మా మధ్యే తిరిగింది. డాబా మీద ఉన్న మాకు అన్నం పొట్లాలు, నీళ్లు అందాయి. అది మర్చిపోయే మనుషులం కాదు. ఈ లేఖ నీళ్లు దిగిపోయాక మొదలైన కష్టం గురించి.

సెప్టెంబర్ 1 ఆదివారం. శ్రావణం అయిపోవస్తోంది, ముందు చవితి, ఆ తర్వాత దసరా. ఏడాది మొత్తంలో షాపు నిండుగా ఉండే రోజులవి. ఇక్కడి హోల్‌సేల్ బట్టల మార్కెట్ వస్త్రలత నుంచి, సూరత్ నుంచి తెప్పించిన సరుకు దాదాపు 3,60,000 రూపాయలది అరల్లో ఉంది. నీళ్లు కౌంటర్ దాటి నాలుగున్నర అడుగులకు వచ్చి, ఎనిమిది రోజులు అక్కడే నిలిచాయి. ఎర్ర లైనింగు తాన్ల రంగు దిగి తెల్ల ఫాల్స్ అన్నిటికీ పట్టేసింది. మిగిలినవి ఉతికి ఆరేశాం. ఆ బురద వాసన మూడు ఉతుకులకూ పోలేదు, గంజి పోయి బట్ట ముడుచుకుపోయింది. అలాంటి లైనింగు ఏ టైలరూ ముట్టదు. పైఅరలో ప్లాస్టిక్ కవర్లలో ఉన్న లేసులు, కుచ్చులు 40,000 రూపాయలవి మాత్రం దక్కాయి.

అయ్యా, మాకున్న అప్పులు రెండు. ఒకటి ముద్ర లోను. 4 లక్షలు, అయిదేళ్లు, 11.5 శాతం వడ్డీ, నెలకు 8,797 రూపాయలు. ఆగస్టు దాకా 20 వాయిదాలు ఒక్క రోజు ఆలస్యం లేకుండా కట్టాం. ఇంకా 2,91,000 అసలు ఉంది. రెండోది షాపు ఫర్నిచర్‌కి ఒక ఫైనాన్స్ కంపెనీ దగ్గర తీసుకున్నది, నెలకు 6,900. సెప్టెంబర్ 5న రెండు వాయిదాలూ కట్టలేదు. ఆ రోజుకి షాపు ఇంకా నీళ్లలోనే ఉంది.

బ్యాంకర్లను పిలిచి వరద బాధితుల రుణాలు రీషెడ్యూల్ చేయమని ప్రభుత్వం అడిగిందని విని మాకు ప్రాణం లేచొచ్చింది. మా బ్రాంచికి వెళ్తే మేనేజర్ గారు "ఆర్డర్ రానివ్వండమ్మా" అన్నారు. అక్టోబర్‌లో మళ్లీ వెళ్లాం. "మూడు నెలలు ఆగండి, తర్వాత అన్నీ కలిపి కట్టేయండి" అన్నారు. మూడు వాయిదాలు కలిపితే 26,391 రూపాయలు. ఇప్పుడు మా గల్లాపెట్టెలోకి రోజుకి వెయ్యి రూపాయలు కూడా రావడం లేదు. అలాంటి వాళ్లం 26 వేలు ఒకేసారి ఎక్కడి నుంచి తెస్తాం? దాన్ని వాయిదాలకు విరామం అని ఎవరైనా అంటారా?

సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే చోట రెండుసార్లు అర్జీ ఇచ్చాం. రెండుసార్లూ "మీ అర్జీ పరిష్కరించబడింది" అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కారమని అడిగితే బ్యాంకుకు పంపామన్నారు. బ్యాంకుకు వెళితే మాకేమీ రాలేదన్నారు.

అందుకే రూలు ఏముందో మా తమ్ముడి చేత చదివించుకున్నాం. ప్రకృతి వైపరీత్యాల్లో బ్యాంకులు ఏం చేయాలో రిజర్వు బ్యాంకు 2018లో ఇచ్చిన ఆదేశాల్లో ఉంది. పంట రుణాలే కాదు, వ్యాపారుల రుణాల ప్రస్తావన కూడా అందులో ఉంది. రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల కమిటీ గానీ జిల్లా కమిటీ గానీ నిర్ణయం తీసుకుంటే, ఆ ప్రాంతంలో వసూళ్లు అందరికీ ఒకేలా వాయిదా పడతాయి. ఆ తర్వాత ఒక్కొక్కరి ఖాతా, కట్టే శక్తి, కొత్త అప్పు అవసరం చూసి బ్యాంకు విడివిడిగా నిర్ణయించాలి. మా మేనేజర్ గారు ఆ రెండో మాటే పట్టుకున్నారు. "మీ శక్తి చూడాలి, ఇప్పుడు మీకు ఆదాయం లేదు కాబట్టి రీషెడ్యూల్ కుదరదు" అన్నారు. ఆదాయం పోయిందనే కదా అయ్యా మేము అడుగుతున్నది!

అదే ఆదేశాల్లో కనీసం ఏడాది మారటోరియం, అంటే వాయిదాలకు విరామం, ఇచ్చే విషయం చూడాలని ఉంది. అదనపు హామీ అడగకూడదని ఉంది. విపత్తు వచ్చే నాటికి బకాయి లేని రుణాలకే ఇది వర్తిస్తుంది, మాకు ఆగస్టు నాటికి పైసా బకాయి లేదు. మరి మమ్మల్ని అత్తగారి బంగారం తాకట్టు పెట్టమని ఎందుకు అడిగారు?

ఉత్త విరామానికి, గడువు పెంచి రీషెడ్యూల్ చేయడానికి ఉన్న తేడా మీకు తెలిసిందే. మాకు అది మా లెక్కలో కనబడింది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఏడాది విరామంలో మా అసలు మీద నెలకు సుమారు 2,790 చొప్పున 33,500 వడ్డీ పడుతుంది. అంటే ఏడాది తర్వాత బాకీ దాదాపు 3,24,500. లోను ముగిసే తేదీ పాతదే ఉంచితే ఆ మొత్తాన్ని మిగిలిన 28 నెలల్లో కట్టాలి. వాయిదా సుమారు 13,270 అవుతుంది. ఏడాది ఊపిరి తీసుకోనిచ్చి ఆ తర్వాత గొంతు నొక్కినట్టే. అదే విరామం తర్వాత 48 నెలలు ఇస్తే వాయిదా సుమారు 8,470. మేము మామూలు రోజుల్లో కడుతున్నదే, ఆగకుండా కట్టగలిగిందే. బ్యాంకుకు అసలూ వస్తుంది, వడ్డీ రూపాయి తగ్గకుండా వస్తుంది. మేము మాఫీ అడగడం లేదు. ఈ మాట మీ పేషీలో ఎవరు చదివినా దయచేసి గీత గీసి మీకు చూపించమనండి.

ఏడాదే ఎందుకు, ఆర్నెల్లు చాలదా అని అడిగారు బ్రాంచిలో. మా దగ్గర కొనేది ఎవరు? ఈ వీధుల్లో ఇంట్లో జాకెట్లు కుట్టుకునే ఆడవాళ్లు. వాళ్ల మిషన్లూ నీళ్లలో మునిగాయి. మోటార్లు పాడైనవాళ్లు కొందరు, అసలు మిషనే తుప్పు పట్టినవాళ్లు కొందరు. ఈ దసరాకి ఈ కాలనీలో కొత్త జాకెట్ కుట్టించుకున్న ఇల్లు ఎన్ని ఉంటాయి? వరదకు ముందు రోజుకి అయిదారు వేల కౌంటర్ ఉండేది. సరుకు ఉన్నా కొనేవాళ్లు తేరుకోవాలి కదా. మళ్లీ వచ్చే శ్రావణం దాకా మాకు సీజన్ లేదు.

ఫైనాన్స్ కంపెనీ సంగతి ఇంకా ఘోరం. గోడ మీద నీటి గీత ఆరకముందే వసూలు కుర్రాడు వచ్చాడు. ప్రభుత్వం షాపుకి ఇచ్చిన 25,000 సాయం నా ఆధార్ కలిపిన ఖాతాలో పడింది. వాళ్ల ఆటో డెబిట్ ఆ ఖాతాకే ఉంది. డబ్బు పడిన మర్నాడే 6,900 వాయిదా లాగేసుకున్నారు. అంతకుముందు తిరిగివెళ్లిన దానికి బౌన్స్ చార్జీ అంటూ ఖాతా ఉన్న బ్యాంకు 590 కోసింది. చేతికి మిగిలింది 17,510. అరలు వేయించడానికి, బురద ఎత్తించడానికి మీరిచ్చిన డబ్బు అది. ఫైనాన్స్ కంపెనీ వాళ్లను అడిగితే "ఆ రూల్స్ బ్యాంకులకే, మాకు కాదు" అన్నారు. రిజర్వు బ్యాంకు ఈ సాయం నిబంధనలను ఫైనాన్స్ కంపెనీలకూ వర్తింపజేసింది. అది వాళ్లకు ఎవరు చెప్పాలి? నేను చెబితే నవ్వారు.

బ్యాంకులో ఆధారాలు తెమ్మంటున్నారు. స్టాక్ రిజిస్టర్, బిల్లులు, మునిగిన సరుకు ఫోటోలు కావాలట. బిల్లు బుక్కులు సరుకుతో పాటే మునిగాయి. మా టర్నోవర్‌కి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు కాబట్టి ఆన్‌లైన్‌లోనూ ఏమీ లేదు. కుళ్లిన బట్ట రోడ్డు మీద వేయకపోతే వాసనకి పక్కవాళ్లు ఉండలేని పరిస్థితి, ఫోటోలు తీసుకోవాలన్న బుద్ధి ఎక్కడుంటుంది? కానీ వార్డు సచివాలయం వాళ్లు వచ్చి మా షాపుని చూసి రాసుకున్నారు. ఆ జాబితాను నమ్మి ప్రభుత్వం మాకు 25,000 వేసింది. ప్రభుత్వం నమ్మిన జాబితాను బ్యాంకు ఎందుకు నమ్మదు?

ఇక అసలు టెన్షన్ తేదీలది. విపత్తు వచ్చిన మూడు నెలల్లోపు రీషెడ్యూల్ పూర్తి చేయాలని నిబంధన. సెప్టెంబర్ 1 నుంచి లెక్కేస్తే డిసెంబర్ 1తో అయిపోతుంది. సెప్టెంబర్ 5 వాయిదాకి డిసెంబర్ 4న 90 రోజులు నిండుతాయి. ఆ తర్వాత మా లోను మొండి బాకీ అవుతుంది. ఇరవై నెలలు తేదీ తప్పకుండా కట్టిన మా పేరు సిబిల్‌లో ఎగవేతదారుల పక్కన చేరుతుంది. తర్వాత సరుకు కోసం ఎవరూ అప్పివ్వరు, మళ్లీ వడ్డీవ్యాపారుల గుమ్మం ఎక్కాల్సిందే. ఈ రోజు నుంచి డిసెంబర్ 4కి ఉన్నది తొమ్మిది రోజులు. గడువులోపు పని కాకపోతే బ్యాంకర్ల కమిటీ కన్వీనర్ రిజర్వు బ్యాంకు ప్రాంతీయ కార్యాలయాన్ని గడువు పొడిగింపు అడగవచ్చని అదే ఆదేశాల్లో ఉంది. ఎవరైనా అడిగారా? అడిగి ఉంటే మాకు ఎందుకు తెలియడం లేదు? కొందరికి రీషెడ్యూల్ అయిందని వింటున్నాం, వాళ్ల విషయంలో మాకు సంతోషమే. మా వీధిలో మాత్రం ఒక్క షాపుకీ కాలేదు.

అయ్యా, ముందు ఆ పొడిగింపు అడిగించండి. ఈ వారంలోనే. వరద ప్రాంతంలో వసూళ్లు ఆపమని, ఏడాది విరామంతో పాటు లోను గడువూ అంతే పెంచమని ప్రతి బ్రాంచికీ కాగితం పంపించండి. ఆ కాగితం తెలుగులో ఉంటే మేము చదివి చూపించుకుంటాం. సచివాలయం జాబితానే ఆధారంగా తీసుకోమని చెప్పండి. ఫైనాన్స్ కంపెనీలకూ చెప్పండి, సాయం డబ్బులోంచి వాయిదాలు లాగడం ఆపమని. సరుకు కొనుక్కోవడానికి లక్ష రూపాయలైనా కొత్త అప్పు ఇప్పించండి, ఖాళీ షాపు తెరిచి కూర్చుంటే ఏ వాయిదా కట్టగలం? అన్నీ చేయలేకపోతే కనీసం ఆ గడువు సంగతైనా చూడండి. డిసెంబర్ 1 దాటనివ్వకండి.

వచ్చే నెల 5న ఫైనాన్స్ కంపెనీ మళ్లీ ఆటో డెబిట్ వేస్తుంది. ఆ ఖాతాలో ఈ రోజుకి 412 రూపాయలు ఉన్నాయి.

ఇట్లు,
మీ సమాధానం కోసం ఎదురుచూసే
సింగ్‌నగర్ మ్యాచింగ్ సెంటర్ యజమానురాలు