మాత్ర ఒక రోజు, మాట మరో రోజు!

సంపాదకుడు గారికి,

ముదిరిన క్యాన్సర్ రోగుల సంరక్షణపై యువ డాక్టర్లకు కొత్త శిక్షణ మాడ్యూల్ మొదలైందని పోయిన వారం మీరు అర పేజీ వార్త వేశారు. ఫొటోలో వేదిక మీద పెద్దలే ఎక్కువ ఉన్నారు, నేర్చుకునేవాళ్లు వెనక వరసల్లో మసగ్గా కనిపిస్తున్నారు. సరే, అది ఎప్పుడూ ఉండేదే. వార్త చదివి వదిలేద్దామనుకున్నాను గానీ రెండు వాక్యాలు నన్ను వదల్లేదు. ఒకటి, మొదటి రోజు నొప్పి, వాంతులు, ఆయాసం లాంటి లక్షణాల అదుపు, రెండో రోజు కుటుంబంతో మాట్లాడే పద్ధతి అట. రెండూ వేర్వేరు గదుల్లో, వేర్వేరు నిపుణులతో. ఇంకొకటి, మీ విలేకరి సొంతంగా చేర్చిన మాట: "ఇక ఏ మందూ పనిచేయనప్పుడు ఆఖరి అస్త్రంగా వాడే మార్ఫిన్".

క్యాన్సర్ వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరైన మనిషిని. ఆ రెండు వాక్యాలూ కలిస్తే రోగికి ఏం జరుగుతుందో చూసినదాన్ని కాబట్టి రాస్తున్నాను. మాడ్యూల్ తయారు చేసినవాళ్లు చదువుతారన్న ఆశ పెద్దగా లేదు.

మా వార్డుకు వచ్చిన ఒక రోగి సంగతి చెబుతాను. ఆయనకు అరవై దాటాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్ వెన్నెముకకు పాకింది. నొప్పి పదికి ఎనిమిది, రాత్రుళ్లు నిద్ర లేదు. నొప్పి మందు ట్రమడాల్ రోజుకు 400 మిల్లీగ్రాములు దాటి ఇవ్వకూడదు, అక్కడిదాకా వచ్చేశారు. డాక్టర్ మార్ఫిన్ రాశారు. రాసిన పద్ధతిలో తప్పేమీ లేదు: నాలుగు గంటలకోసారి 5 మిల్లీగ్రాములు, అర్ధరాత్రి లేపకుండా పడుకునే ముందు రెండింతలు, మొత్తం రోజుకు 30. మధ్యలో నొప్పి ఎగదన్నితే విడిగా ఇంకో 5. మొదటి రోజు నుంచే విరేచనం సాఫీగా అవడానికి మందు. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పద్ధతీ ఇదే: నోటి ద్వారా, గడియారం ప్రకారం, నొప్పి స్థాయిని బట్టి. నొప్పి వచ్చాక తరుముకుంటూ పోవడం కాదు, రాకముందే వేయాలి.

అంతా బాగానే ఉంది, ఒక్కటి తప్ప. కేస్ షీట్ పైన ఎర్ర ఇంకుతో "పేషెంట్‌కు చెప్పవద్దు" అని రాసి ఉంది. పెద్ద కొడుకు అడిగాడు, డాక్టర్ గారు ఒప్పుకున్నారు. రోగికి చెప్పింది "నరాల వాపు" అని.

ఇంటికి వెళ్లిన రెండో రోజున ఆయన మగతగా ఉన్నాడు. మార్ఫిన్ మొదలుపెట్టిన రెండు మూడు రోజులు మగత ఉండొచ్చు. కొంత మందు వల్ల, కొంత వారాల తరబడి నిద్రలేని ఒళ్లు ఇప్పుడు నిద్ర తీర్చుకోవడం వల్ల. సాధారణంగా దానంతట అదే తగ్గుతుంది. వికారం కూడా వారంలోపు సర్దుకుంటుంది, సర్దుకోనిది మలబద్ధకం ఒక్కటే. ఈ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతారు? చెబితే మందు పేరు చెప్పాలి, పేరు చెబితే ఎందుకని అడుగుతాడు. కొడుక్కి మాత్రం మార్ఫిన్ అంటే మీ విలేకరికి తెలిసినంతే తెలుసు. ఇది చావుకు ముందు ఇచ్చేదని, తన చేత్తోనే నాన్నను చంపుతున్నానని భయపడ్డాడు. మాత్రలు దాచేసి, నొప్పి భరించలేక అరిచినప్పుడు మాత్రమే ఇచ్చాడు. "నరాల వాపుకు విరేచనాల మందెందుకురా?" అని తండ్రి అడిగితే జవాబు లేక దాన్నీ మానేశాడు.

వారం తర్వాత ఓపీలో నొప్పి తగ్గలేదన్నారు. డాక్టర్ డోసు 10 చేశారు. మళ్లీ తగ్గలేదన్నారు, 15 చేశారు. కాగితం మీద రోజుకు 90 మిల్లీగ్రాములు. ఒంట్లోకి పోతున్నది మహా అయితే 20. నిన్న పొద్దున్నుంచి ఏయే టైముకి ఎన్ని వేశారని ఎవరూ అడగలేదు, డబ్బాలో మిగిలిన మాత్రలు లెక్కపెట్టలేదు. తప్పు లెక్క మీద తప్పు లెక్క పేరుకుపోయింది.

తర్వాత మలబద్ధకం, వాంతులతో ఆయన వార్డులో చేరాడు. నర్సు ఏం చేస్తుంది? చార్టులో ఉన్నది ఉన్నట్టు, టైముకి ఇస్తుంది. 20కి అలవాటైన ఒంట్లోకి 90 లెక్కన పడింది. పైగా వాంతులతో ఒళ్లు ఎండి కిడ్నీలు మందగించాయి. మార్ఫిన్ లివర్‌లో మారాక మిగిలే పదార్థాలు బయటికి పోవాల్సింది కిడ్నీల గుండానే. తెల్లవారేసరికి పిలిస్తే పలకడం లేదు, కంటిపాప సూదిమొనంత అయింది, ఊపిరి నిమిషానికి ఏడో ఎనిమిదో. చేతులు ఉన్నట్టుండి ఎగిరెగిరి పడుతున్నాయి. ఇలా కండరాలు అదరడం మందు ఒంట్లో పేరుకుందనడానికి ఒక గుర్తు, చాలామంది దాన్ని ఫిట్స్ అనుకుంటారు.

డ్యూటీ డాక్టర్ మంచివాడు, కంగారుపడలేదు. మార్ఫిన్ ఆపించి, ఆక్సిజన్ పెట్టి, మార్ఫిన్‌కు విరుగుడైన నాలోక్సోన్ 400 మైక్రోగ్రాముల ఆంప్యూల్‌ను సెలైన్‌తో పది మిల్లీలీటర్లు చేసి, రెండు నిమిషాలకోసారి ఒక్కో మిల్లీలీటర్ చొప్పున నెమ్మదిగా ఎక్కించాడు. ఊపిరి గాడిన పడగానే ఆపాడు. మనిషి పూర్తిగా లేచి కూర్చునేదాకా ఎక్కిస్తే నొప్పి అంతా ఒక్కసారిగా తిరగబడుతుంది. పైగా నాలోక్సోన్ ప్రభావం మార్ఫిన్ కంటే ముందే దిగిపోతుంది, కాబట్టి ఆ పూటంతా పక్కనే ఉండి ఊపిరి లెక్కపెట్టాలి. లెక్కపెట్టాం. ఆయన బతికాడు.

ఇప్పుడు మాడ్యూల్ వారు చెప్పాలి, ఇది మొదటి రోజు పాఠమా, రెండో రోజు పాఠమా? డోసు తప్పింది లెక్క రాక కాదు, మాట దాచడం వల్ల. నొప్పి క్లాసు చెప్పే నిపుణుడు ఇది "కమ్యూనికేషన్ సమస్య" అంటాడు, మాటల క్లాసు చెప్పే ఆవిడ ఇది "డోసు సమస్య" అంటుంది. మధ్యలో రోగి.

మాట్లాడటం ఎలా ఉండాలో కూడా ఆ కేసులోనే చూశాను. రెండు రోజుల తర్వాత పెద్ద డాక్టరమ్మ వచ్చి ముందు కొడుకును కూర్చోబెట్టింది. చెప్పకపోతే తప్పని వాదించలేదు. "చెబితే ఏమవుతుందని నీ భయం?" అని అడిగింది. దిగులుతోనే పోతాడన్నాడు. "దాచడం నీకెలా ఉంది?" అంది. కుర్రాడు ఏడ్చేశాడు, ఇంట్లో నాన్న ఎదుట పడటమే మానేశానన్నాడు. అప్పుడు ఒక్క అనుమతి అడిగింది: "నేనై నేను ఏమీ చెప్పను. ఆయనకేం తెలుసో అడుగుతాను. తెలుసుకోవడం ఇష్టం లేదంటే అక్కడే ఆపేస్తాను. ఆయనే అడిగితే మాత్రం అబద్ధం చెప్పను." దానికి కొడుకు తల ఊపాడు.

తండ్రి దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. "మీ జబ్బు గురించి మీరేమనుకుంటున్నారు?" అని మొదలుపెట్టింది. "ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది?" అని అడిగింది. ఆయన, ఇది తగ్గేది కాదని తనకెప్పుడో అర్థమైందని, కొడుకు తట్టుకోలేడని అడగలేదని అన్నాడు. ఆ తర్వాత ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. మీ వార్తలో గొప్పగా రాసిన రోల్ ప్లేలో ఐదు నిమిషాల్లో బంధువు పాత్రధారి కన్నీళ్లు తుడుచుకుని థాంక్స్ చెబుతాడట. వార్డులో ఆ ఐదు నిమిషాలూ మౌనానికే చాలవు.

ఎన్నాళ్లని అడిగాడు. ఫలానా తేదీ అనలేదు, "ఇక మీదట ఏమీ చేయలేం" అని కూడా అనలేదు. వారం వారం తేడా కనిపిస్తోంది కాబట్టి వారాలే అనుకోవాలి, నెలలు దొరికితే సంతోషం అంది. నొప్పి పెరుగుతుందా, ఊపిరాడక పోతానా అని అడిగితే ఒక్కోదానికీ ఏం మందు ఉందో చెప్పింది. మార్ఫిన్ పేరు పెట్టి చెప్పి, మొన్న జరిగిందేమిటో కూడా దాచకుండా చెప్పింది.

కిడ్నీ పరీక్ష సర్దుకున్నాక మళ్లీ 5 దగ్గరే మొదలుపెట్టారు. ఈసారి టైములు ఆయనే కాగితం మీద రాసుకున్నాడు. మొదటి రోజు 30కి తోడు నొప్పి ఎగదన్ని మూడుసార్లు విడి డోసు పడింది, అంటే మొత్తం 45. దాన్ని ఆరుతో భాగిస్తే ఏడున్నర. మర్నాటి నుంచి నాలుగు గంటల డోసూ ఏడున్నర, విడి డోసూ ఏడున్నర. అంతే లెక్క. 90 రాసినా తగ్గని నొప్పి 45కి పదికి మూడు దగ్గర నిలిచింది. వెన్నెముకకు ఒక్కసారి రేడియేషన్ ఇచ్చారు, దాని ఫలితం తెలియడానికి వారాలు పడుతుంది కాబట్టి ఈ తగ్గుదల దానిది కాదు.

మందు సంగతికి వచ్చాను కాబట్టి ఇంకొకటి. మార్ఫిన్ బీరువాకు రెండు తాళాలు, అర మాత్ర తేడా వస్తే సంజాయిషీ. ఉండనివ్వండి, అలాంటి మందుకు అది అవసరమే. కానీ అదే వార్డులో నొప్పి స్కోరు కాలమ్‌లో డ్యూటీ దిగే ముందు అందరికీ వరసగా రెండు, రెండు, రెండు అని నింపేస్తే ఏ అధికారీ అడగడు. తనిఖీకి వచ్చినవాళ్లు రిజిస్టర్ చూసి, టీ తాగి వెళ్తారు. మంచం పక్కన నిలబడి "నిన్న రాత్రి నిద్రపట్టిందా?" అని అడిగిన తనిఖీ అధికారిని నా సర్వీసులో చూడలేదు.

మాడ్యూల్‌కు నర్సులను పిలవలేదని కూడా వార్తను బట్టే తెలిసింది. రాత్రి రెండు గంటలకు "సిస్టర్, నాకు తగ్గుతుందా?" అని రోగి అడిగేది ఎవర్ని? డీన్ గారినా? తగ్గుతుందని అనకూడదు, ఉన్నది మొహం మీద అనేయకూడదు. "ఇప్పుడెందుకలా అనిపించింది?" అని అడిగి, కాసేపు కూర్చుని, పొద్దున డాక్టర్‌కు చేరవేయాలి. దీన్ని ఎవరూ నేర్పలేదు, ఎర్ర ఇంకు మాత్రం మా మీదికి తోశారు.

కాబట్టి నిర్వాహకులు ఆ రెండు రోజుల్నీ కలిపి, ఒక్క రోగితో మొదలుపెట్టి ఆ రోగితోనే ముగించాలి. పరీక్షలో డోసు రాయించేముందు మాత్రలు లెక్కపెట్టించాలి. ఇక మీరు, "ఆఖరి అస్త్రం" అన్న మాటకు సవరణ వేయండి. మార్ఫిన్ ఇచ్చేది నొప్పి తీవ్రతను చూసి, మిగిలిన రోజుల్ని చూసి కాదు. ఆ సవరణ పెళ్లిళ్ల ప్రకటనల కింద మూలన కాకుండా, వార్త వచ్చిన పేజీలోనే వేస్తే మంచిది. మాత్రలు దాచే కొడుకులు చదివేది ఆ పేజీనే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు