‘పాలు గీలు’ తప్పెలా అవుతుంది?

సంపాదకుడు గారికి,

బడి పిల్లల తెలుగు వర్క్‌షీట్లలో ‘మాటలో మొదటి అక్షరం తీసేసి గి పెట్టండి’ అనే అభ్యాసం ఉంటోంది. మా మనవరాలు ‘పాలు గీలు’ అని రాస్తే ‘గిలు’ అని ఉండాలంటూ మార్కు కోసేశారు. ఏ ఇంట్లోనైనా ‘పాలు గిలు’ అంటారా? పిల్ల రాసింది సరైనదే, సూత్రమే తప్పు.

మన నోట వచ్చే మాటలు చూడండి. పులి గిలి, పని గిని, చెట్టు గిట్టు. కానీ కూర గీర, మేక గీక. అచ్చు ఏదైనా ఇ అవుతుంది, దాని పొడవు మాత్రం మారదు. ముందు రెండు హల్లులున్నా రెండూ పోతాయి: ప్రేమా గీమా. అసలు హల్లే లేకపోతే గ వచ్చి చేరుతుంది: అన్నం గిన్నం, ఆట గీట.

సూత్రం బోల్తా పడేది సున్న దగ్గర. రాతలో ‘వంట’కు మొదటి అక్షరం ‘వం’. దాన్ని మొత్తం తీసేస్తే ‘వంట గిట’ అనాలి. మనం అనేది ‘వంట గింట’. ఆ సున్న అచ్చు తర్వాత పలికే హల్లు కాబట్టి మిగిలిపోతుంది. ‘పుస్తకం గిస్తకం’లో స్ మిగిలేదీ అందుకే. అయితే అక్కడ రాతలో స్ రెండో అక్షరం ‘స్త’లో కలిసిపోయింది కాబట్టి సూత్రం సరిపోయినట్టే కనిపిస్తుంది. నిజానికి మారేది అక్షరం కాదు, మాట మొదలు నుంచి తొలి అచ్చు దాకా ఉండే ముక్క.

ఛందస్సు చదివినవాళ్లకు దీన్ని పట్టుకోవడం తేలిక. పులి రెండు లఘువులు, గిలీ అంతే. పాలు, వంట గురులఘువులు. గీలు, గింట కూడా అవే. పుస్తకం, గిస్తకం రెండూ రగణాలు. ‘పాలు గిలు’ చెవికి ఎబ్బెట్టుగా ఉండేది గురువు లఘువైపోయినందుకే.

క్రియలకూ ఇదే పద్ధతి: వస్తే గిస్తే. గొడుగు దగ్గరికొస్తే గొడుగు గిడుగు అవుతుంది! వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారి జయంతిని ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటూ, పిల్లల వాడుకకే మార్కులు కోయడం ఏం న్యాయం?

ఒక్కచోట మాత్రం ఈ పద్ధతి పనిచేయదు. గిన్నెకు జోడీ కడితే మళ్లీ గిన్నే వస్తుంది, ‘వగైరా’ అనే అర్థం రాదు. అందుకే ‘గిన్నెలూ అవీ’ అంటాం.

వర్క్‌షీట్లు తయారుచేసేవాళ్లు ఆ సూత్రం తీసేసి, పులి, పాలు, వంట, ప్రేమ ఇచ్చి పిల్లల్నే జోడీ చెప్పమనాలి. తర్వాత గురులఘువులు గుర్తించమంటే సూత్రం వాళ్లే చెప్తారు. ఈలోగా ‘గీలు’ అని రాసిన పిల్లలకు కోసిన మార్కులు తిరిగి ఇవ్వాలని మనవి.

ఒక పాఠకుడు,
తెనాలి